పైసలు కోసుకున్నరు, బువ్వ రాలే.. వాపసు లెక్క ఏంది?

సోమవారం రాత్రి తొమ్మిది నలభైకి మా అల్లుడు ఫోన్ చేసిండు. దిల్‌సుఖ్‌నగర్ల హాస్టల్ల ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నడు. ఆ రోజు కోచింగ్ నుంచి వచ్చేసరికి మెస్ మూసేసిండ్రంట. ఫోన్ల తిండి తెప్పించుకునే యాప్ ఉన్నది, అందుల వాలెట్ ఉన్నది. ఆదివారమే 500 రూపాయలు వేసుకున్నడు. బిర్యానీ, డెలివరీ ఖర్చు అన్నీ కలిపి 318 రూపాయలు. పేమెంట్ నొక్కిండు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆఖరికి ‘పేమెంట్ ఫెయిల్’ అని వచ్చింది. వాలెట్ తెరిచి చూస్తే మిగిలింది 182.

"మామా, ఆర్డర్ పడలే. పైసలు మాత్రం పోయినయ్. చాట్‌ల అడిగితే ఐదు నుంచి ఏడు పనిదినాలల్ల వస్తయ్ అంటున్నరు. గంతేనా?"

ఆ రాత్రి వాడు రెండు అరటిపండ్లు తిని పండుకున్నడు. 318 రూపాయలంటే కొందరికి లెక్కలేని పైసలు. వాడికి అది నాలుగు రోజుల ఖర్చు. ఊర్ల నుంచి పట్నం పోయి చదువుకునేటోళ్లు, పని చేసుకునేటోళ్లు ఎంతమంది ఇట్ల ‘సరే, వస్తయ్‌లే’ అనుకోని మర్చిపోతున్నరో! మర్చిపోవద్దు. ఆ పైసలు ఎప్పట్లోగ రావాలె, రాకపోతే రోజుకు ఎంత కట్టియ్యాలె అన్నది రాసిపెట్టిన రూల్ ఉన్నది. దాని గురించే ఈ ముచ్చట.

ముందు నా తప్పు చెప్పుకుంట. నేను వాడికి "పొద్దున బ్యాంకుకు పోయి అడుగు" అన్న. పోయిండు. కౌంటర్ల ఉన్న మేడం పాస్‌బుక్ చూసి, "బాబూ, ఆదివారం నీ ఖాతా నుంచి 500 పోయినయ్, అవి వాలెట్‌కు చేరినయ్. మా పని అక్కడికే ఖతం. సోమవారం మా దగ్గర ఏం జరగలే" అన్నది. ఆమె చెప్పింది నిజం. వాలెట్ల పైసలు రెండు అడుగులల్ల పోతయ్. మొదటి అడుగు బ్యాంకు నుంచి వాలెట్‌కు. రెండో అడుగు వాలెట్ నుంచి హోటల్‌కో, ఆటోకో. మనది ఆగింది రెండో అడుగు కాడ. దానికి జవాబుదారి వాలెట్ నడిపే కంపెనీ, బ్యాంకు కాదు. అందుకే పైసలు పోయిన వెంటనే చూడాల్సింది ఏ అడుగు కాడ పోయినయ్ అన్నది. బ్యాంకుల కోసుకోని వాలెట్ల పడకపోతే అది వేరే కత. వాలెట్ల పడ్డంక పోతే మా అల్లుడి కత.

ఇది ఎందుకు అయితదో అర్థం కావాలంటే మన పాలకేంద్రం యాది చేసుకోండ్రి. పాలు పోసినప్పుడు కేంద్రం రిజిస్టర్ల ఒక లెక్క రాస్తరు, మన కార్డు మీద ఒక లెక్క రాస్తరు. రెండూ ఒకటే ఉండాలె. ఒకనాడు రిజిస్టర్ల రాసి, కార్డు మీద రాసేటప్పుడు కరెంటు పోయి మర్చిపోయిండ్రనుకో. పాలు పోసినట్టే, కానీ కార్డు చూస్తే పోయనట్టే. యాప్‌ల కూడా రెండు బుక్కులు ఉంటయ్. ఒకటి వాలెట్ కంపెనీది, ఇంకోటి ఆర్డర్ తీసుకునే యాప్‌ది. నువ్వు పేమెంట్ నొక్కంగనే వాలెట్ తన బుక్కుల 318 కోసుకుంటది, ‘కోసిన, ఆర్డర్ పెట్టుకో’ అని యాప్‌కు కబురు పంపుతది. ఆ కబురు చేరేదాకా యాప్ కొంచెంసేపే ఎదురుచూస్తది. నీ సిగ్నల్ పోయినా, వాళ్ల సర్వర్ మీద ఒత్తిడి పడ్డా కబురు ఆలస్యం అయితది. టైమ్ దాటిందని యాప్ ‘ఫెయిల్’ అని రాసుకుంటది. వాలెట్ బుక్కుల మాత్రం ‘అయింది’ అని ఉంటది. అంటే ఎవడో దొంగతనం చేసినట్టు కాదు. రెండు బుక్కులు కలువలే, అంతే.

తర్వాత రెండు బుక్కులను పక్కపక్కన పెట్టి సరిచూస్తరు. తేడా వచ్చినకాడ పైసలు ఎనక్కి తిప్పుతరు. ఇది మిషన్లు చేసే పని. శానాసార్లు గంటలల్లనే అయిపోతది. పైసలు వాపస్ రాలేదంటే ఆ సరిచూసుడు సక్కగ జరగలే అన్నట్టు. ఆ తప్పు కంపెనీది, నీది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఫెయిల్’ అని చూడంగనే ఆకలి మీద మళ్లీ నొక్కకుండ్రి. కొన్నిసార్లు ఆలస్యమైన కబురు కొద్దిసేపటికి చేరి మొదటి ఆర్డర్ కూడా పడతది. అప్పుడు రెండు బిర్యానీలు, రెండు బిల్లులు. ముందు యాప్‌ల ‘మీ ఆర్డర్లు’ అన్నకాడికి పోయి చూడండ్రి. అక్కడ ఏం ఉన్నది అన్నదాని మీదనే మిగిలిన కత అంతా నడుస్తది.

ఎందుకంటే అక్కడ బాట రెండుగ చీలుతది. ఆ లిస్టుల ఆర్డర్ ఐడీ లేదు, కానీ వాలెట్ల పైసలు పోయినయ్ అంటే అది ఫెయిలయిన చెల్లింపు. ఆర్డర్ ఐడీ ఉన్నది, కింద ‘క్యాన్సిల్’ అని ఉన్నదంటే చెల్లింపు అయింది, ఆర్డర్ రద్దయింది. హోటలోళ్లు ఒప్పుకోలేదో, డెలివరీ పిల్లగాడు దొరకలేదో. క్యాబ్ యాప్‌లనైతే డ్రైవర్ రాకపోయి ఉండొచ్చు. మనకు రెండూ ఒకటే లెక్క కనిపిస్తయ్, ఎందుకంటే రెండిట్ల కడుపు ఖాళీనే, జేబు ఖాళీనే. కానీ రూల్ ముందు రెండూ వేరు వేరు. కస్టమర్ కేర్‌ల కూసున్నోళ్లు రెండిటికీ ఒకటే పాట పాడతరు, ‘ఐదు నుంచి ఏడు పనిదినాలు’ అని. మనం ఆగమయ్యేది అక్కడనే.

మొదటి బాట సంగతి చూద్దాం. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 15 నుంచి అది అమలైంది. ఫెయిలయిన చెల్లింపుల పైసలు ఎన్ని రోజులల్ల ఎనక్కి రావాలె, ఆలస్యమైతే ఎంత కట్టాలె అన్నది అందుల ఉన్నది. లింకు తెగుడు, టైమ్ దాటుడు అసొంటి, కస్టమర్ తప్పు లేని కారణాలతోని ఆగిన చెల్లింపులన్నీ దీని కిందికి వస్తయ్.

వాలెట్ గురించి అది చెప్పేది ఇది. వాలెట్ నుంచి పైసలు పోయి, అమ్మేటోడికి కబురు చేరకపోతే, వాలెట్ తన సొంత ఏర్పాటు లోపల్నే కట్టిన చెల్లింపయితే, లావాదేవీ జరిగిన రోజు పోను ఒక్క రోజుల పైసలు వాపస్ వేయాలె. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. అదే వాలెట్‌ను యూపీఐ మీదనో కార్డు నెట్‌వర్క్ మీదనో బయటి దుకాణంల వాడితే ఆ నెట్‌వర్క్ రూల్ నడుస్తది. దుకాణపోళ్లకు యూపీఐతోని కట్టినా, ఆన్‌లైన్ల కార్డుతోని కట్టినా గడువు ఐదు రోజులు. ఆ తర్వాత రోజుకు అదే 100.

ఇందుల రెండు మాటలు గట్టిగ పట్టుకోవాలె. ఒకటి, రోజులు అంటే క్యాలెండర్ రోజులు. ఆదివారం, పండుగ అని తీసేసుడు లేదు. ‘పనిదినాలు’ అన్నది కస్టమర్ కేర్ చెప్పే లెక్క, రూల్ చెప్పే లెక్క కాదు. రెండోది, పరిహారం అడగకముందే ఇయ్యాలె. కస్టమర్ ఫిర్యాదు చేసేదాకా చూడొద్దని ఆ సర్క్యులర్ల సాఫ్‌గ రాసి ఉన్నది. పోయింది 318 అయినా, 30 అయినా, రోజుకు 100 వందే. పోయిన పైసల సైజుతోని దానికి సంబంధం లేదు. నాకు ఈ రూల్ల నచ్చింది గదే. చిన్నోడి చిన్న పైసలను పట్టించుకోకుండ ఉండుడే కంపెనీకి ఖర్చు అయ్యేటట్టు చేసిండ్రు.

ఇగ మా అల్లుడి లెక్క వేద్దాం. పైసలు పోయింది సోమవారం. ‘మీ ఆర్డర్లు’ల ఏం లేదు, అంటే మొదటి బాట. యాప్‌ల కట్టింది ఆ యాప్ సొంత వాలెట్‌తోని, అంటే ఒక్క రోజు గడువు. మంగళవారం రాత్రికి వాపస్ పడాలె. పడలే. బుధవారం నుంచి 100 చొప్పున ఎక్కుడు మొదలు. 318 రూపాయలు వచ్చింది మళ్ల సోమవారం. బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ.. ఆరు రోజులు. 600 రూపాయలు.

కంపెనీ ఇచ్చింది ఏంది? 318 రూపాయలు, దానితోపాటు ‘ఇబ్బందికి మన్నించండి’ అని 50 రూపాయల కూపన్. అది కూడా 199 దాటిన ఆర్డర్ మీదనే పనిచేస్తదంట! వాడు మొదట సంబురపడ్డడు, "మామా, వచ్చినయ్, పైంగ కూపన్ కూడా ఇచ్చిండ్రు" అని. నేను లెక్క చెప్పినంక కాసేపు మాట్లాడలే.

అప్పుడు ఇద్దరం కూసోని చాట్ వదిలిపెట్టి మెయిల్ రాసినం. చాట్‌ల రాస్తే అవతల మనిషి మారుతుంటడు, మనం మొదటినుంచి చెప్పుకుంటనే ఉండాలె. వాలెట్ షరతుల పేజీల కిందికి పోతే ఆ వాలెట్‌కు లైసెన్స్ ఎవరిది, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఎవరు అన్నది ఉంటది. శానా యాప్‌లల్ల పైన కనిపించే పేరు ఒకటి, లైసెన్స్ ఉన్న కంపెనీ ఇంకోటి ఉంటది. మనం రాయాల్సింది లైసెన్స్ ఉన్నోళ్లకు. రాసింది ఇంతే:

"సోమవారం రాత్రి 9:40కి నా వాలెట్ నుంచి 318 రూపాయలు పోయినయి. లావాదేవీ నంబర్ ఇది. ఆర్డర్ పడలేదు, ఆర్డర్ ఐడీ రాలేదు. పైసలు తర్వాతి సోమవారం వాపస్ వచ్చినయి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్ ప్రకారం ఒక్క రోజుల రావాలి. ఆరు రోజులు ఆలస్యం అయింది. రోజుకు 100 చొప్పున 600 రూపాయలు వేయండి. కూపన్ వద్దు."

దీనికి మూడు ఫొటోలు జోడించినం. వాలెట్ పాస్‌బుక్‌ల 318 పోయిన వరుస, ఆ టైమ్‌ల ఆర్డర్ ఏం లేదని చూపించే ‘మీ ఆర్డర్లు’ పేజీ, వాపస్ వచ్చిన వరుస. పైసలు పోయినప్పుడు వచ్చిన మెసేజ్‌ను కూడా తీసెయ్యకుండ పెట్టుకున్నడు. ఫెయిల్ అని తెర మీద వచ్చినప్పుడే స్క్రీన్‌షాట్ కొట్టుకుంటే ఇంకా మంచిది. తర్వాత అది కనిపించదు.

మొదటి జవాబు పాత పాటనే: ‘మీ రీఫండ్ పూర్తయింది, టికెట్ మూసేస్తున్నం.’ దాని మీద ఒక్కటే వాక్యం రాసినం. "నేను అడిగింది రీఫండ్ కాదు, ఆలస్యానికి పరిహారం. 30 రోజులల్ల తేల్చకపోతే అంబుడ్స్‌మన్‌కు పోత." పదకొండో రోజు వాలెట్ల 600 పడ్డయ్. పక్కన వివరణ ఏం లేదు. తప్పయింది అన్న మాట కూడా లేదు. పడ్డయ్, అంతే.

రెండో బాటల ఇంత సులువు ఉండదు, ఆ సంగతి దాచొద్దు. ఆర్డర్ ఐడీ వచ్చి రద్దయితే చెల్లింపు ఫెయిల్ కానట్టే లెక్క. అందుకే రోజుకు 100 అన్న రూల్ దానికి వర్తించదు. ఇగ ఏం ఉన్నది? రిజర్వ్ బ్యాంక్ 2021ల వాలెట్ల మీద ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ల ఒక మాట ఉన్నది. రద్దయిన లావాదేవీ పైసలు, వాలెట్ నుంచి ఎంత పోయినయో అంత, అదే వాలెట్‌కు వెంటనే వేయాలె. నువ్వు ఒప్పుకోకుండ కూపన్‌గ మార్చి చేతుల పెట్టుడు కుదరదు. కార్డుతోనో బ్యాంకు నుంచో కట్టినా గంతే, ఎటునుంచి వచ్చినయో అటే పోవాలె. కానీ జాగ్రత్త! రద్దయినప్పుడు తెర మీద రెండు బటన్లు వస్తయ్. పెద్దగ రంగుల ఉన్నది ‘ఇప్పుడే మా క్రెడిట్‌గ తీసుకో’ అంటది. చిన్నగ ఉన్నది ‘కట్టిన కాడికే వాపస్’ అంటది. పెద్దది నొక్కితే నువ్వు ఒప్పుకున్నట్టే.

ఆ క్రెడిట్ సంగతి కూడా చెప్పాలె. ఒకే యాప్‌ల సరుకు కొనుక్కునేందుకు మాత్రమే పనికొచ్చే బ్యాలెన్స్‌ను మూసిన వాలెట్ అంటరు. దానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి అవసరం లేదు, దాని మీద రిజర్వ్ బ్యాంక్ చూపు కూడా లేదు. అందుల ఇరుక్కున్న పైసలకు రోజుకు 100 రూల్ కూడా రాదు. పేరు మాత్రం ‘మనీ’ అనో ‘క్యాష్’ అనో పెడతరు! తేడా తెలుసుకునేది ఎట్ల? షరతుల పేజీల రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న వాలెట్ జారీదారు పేరు ఉన్నదా లేదా చూడండ్రి. ఉంటే అది అసలు వాలెట్. లేకపోతే అది కిరాణా దుకాణంల ముందే కట్టి పెట్టిన అడ్వాన్స్ అసొంటిది.

అట్లని దిక్కులేదని కాదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి యాప్ ఒక గ్రీవెన్స్ అధికారిని పెట్టి, పేరు, నంబర్ చూపియ్యాలె. ఫిర్యాదు అందినట్టు 48 గంటలల్ల చెప్పాలె, నెలల తేల్చాలె. తేల్చకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అటెనుక జిల్లా వినియోగదారుల కమిషన్. నువ్వు ఉండే జిల్లాలనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీస్ ఉన్న ఊరికి పోవాల్సిన పని లేదు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. లైసెన్స్ ఉన్న వాలెట్ అయితే ఇంకో తొవ్వ ఉన్నది. కంపెనీకి రాసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ల ఉచితంగ ఫిర్యాదు పెట్టొచ్చు. నేరుగ అక్కడికే పోతే తీసుకోరు, ముందు కంపెనీకి రాసిన కాయితం ఉండాలె. మెయిల్ రాయమన్నది అందుకే.

ఒక్కటి మాత్రం అస్సలు చేయకుండ్రి. పైసలు పోయిన తాపత్రయంల గూగుల్ల ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికి, మొదట కనిపించిన నంబర్‌కు ఫోన్ చేసుడు. దొంగలు కాపలా కాసేది అక్కడనే. ‘రీఫండ్ పంపుతున్న, ఈ యాప్ దించుకో, పిన్ కొట్టు’ అంటరు. పైసలు మన కాడికి వచ్చేటప్పుడు పిన్ అక్కర లేదు. పిన్ కొట్టమన్నరంటే పైసలు పోతున్నట్టే. నంబర్, మెయిల్ యాప్ లోపల్నుంచే తీసుకోండ్రి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆ గడియనే 1930కు ఫోన్ చేయండ్రి.

ఇగ నన్ను సతాయించే ప్రశ్న. అడగకముందే ఇయ్యాలె అని రూల్ రాసిండ్రు. మా అల్లుడికి అడిగితే కూడా మొదటిసారి ఇయ్యలే. ఎందుకంటే ఆలస్యమైన రోజులు లెక్కపెట్టేది ఎవరు? పైసలు పట్టుకోని కూసున్న కంపెనీనే. తన మీద తనే జరిమానా వేసుకోవాలె. రెండు బుక్కులను మిషన్లతోని సరిచూసేటోళ్లకు, ఎన్ని రోజులు ఆలస్యమైందో అదే మిషన్‌తోని లెక్కపెట్టి 100 చొప్పున వేసుడు పెద్ద పనేం కాదు. రీఫండ్ మెసేజ్‌ల ‘ఇన్ని రోజులు ఆలస్యం, ఇంత పరిహారం’ అన్న ఒక్క వరుస తప్పనిసరి చేస్తే చాలు. కూపన్ చూసి సంబురపడేటోడికి తన హక్కు ఎంతనో తెలుస్తది. రెండోది, రద్దయిన ఆర్డర్ పైసలకు కూడా రోజు లెక్క పెట్టాలె. ‘వెంటనే’ అని రాస్తే ఎవడి ‘వెంటనే’ వాడిది. ఆకలైనోడి వెంటనే వేరు, ఆఫీస్‌ల కూసున్నోడి వెంటనే వేరు.

ఆ 600తోని ఏం చేసినవ్ రా అని అడిగిన అల్లుడిని. రూమ్‌ల ఇంకో పిలగాడికి క్యాబ్ యాప్ వాలెట్ల 140 రూపాయలు పదిహేను రోజులుగ ఇరుక్కోని ఉన్నయంట. "వాడికి కూడా మెయిల్ రాసిచ్చిన మామా. ముందు ఆర్డర్ ఐడీ ఉన్నదా లేదా చూసినంకనే రాసిన" అన్నడు.

ఆ పిలగాడికి ఐడీ లేదు. లెక్క నడుస్తున్నది.